ఆరు నిమిషాల యాభై సెకన్ల దగ్గర గుట్ట

కోపం వస్తే అమ్మమ్మ గిన్నెలు విసరదు, తలుపులు కొట్టదు. స్క్రూడ్రైవర్లు తీసి సైజు ప్రకారం వరసగా సర్దుతుంది. చిన్న కోపానికి నాలుగు సర్దుతుంది. మరిది వీడియో చూసిన రోజున మాత్రం పెట్టెలో ఉన్న పదిహేడూ సర్ది, చాలక, పక్కింటివాళ్ళ దగ్గర ఒకటి అరువు తెచ్చి మరీ సర్దింది.

ఆవిడ కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. వీధి మలుపులో ఒక్క గది కొట్టు. మూడు గోడల నిండా విప్పేసిన మిషన్లు, నాలుగో వైపు వీధి. నలభై ఏళ్ళుగా అదే స్టూలు, అదే నూనె వాసన. బయటివాళ్ళు మిషనమ్మ అంటారు. ఇంట్లోవాళ్ళు ఆవిడ వినకుండా అంటారు.

మరిది కూడా ఆ కొట్టులోనే పని నేర్చుకున్నాడు. నాలుగేళ్ళు. టీ తాగడం, గ్లాసు కడక్కుండా పెట్టడం, వదిన వెనక నిలబడి చూడడం, ఇవీ ఆ నాలుగేళ్ళలో అతను చేసిన పనులని అమ్మమ్మ చెబుతుంది. అది పూర్తిగా న్యాయం కాదు. బాబిన్‌కు దారం చుట్టడం బాగానే వచ్చు. తర్వాత రెండు వీధుల అవతల గాజు తలుపులున్న కొట్టు పెట్టాడు. అదీ భరించింది. ఆ తర్వాత వీడియోల ఛానల్ పెట్టాడు. అదీ భరించింది, అంటే తనూ ఒకటి పెట్టింది.

భరించలేనిది ఒక్క వాక్యం. ఆ వీడియోలో మరిది కొత్త చొక్కా వేసుకుని, నవ్వుతూ, "నాకు ఈ పనిలో గురువంటూ ఎవరూ లేరండీ. అంతా సొంతంగా నేర్చుకున్నదే," అన్నాడు.

అమ్మమ్మ ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పి వింది. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్లు బయటికొచ్చాయి.

సరిగ్గా ఆ వారమే కుట్టు శిక్షణ కేంద్రం నుంచి పెద్ద మేడం ఫోన్ చేసింది. కొత్త బ్యాచ్‌లో రెండు వందల మంది చేరుతున్నారు. మిషన్ కుట్లు తప్పిస్తే ఏం చేయాలో చెప్పే పాఠం ఒకటి కావాలి. ఒకే ఒక్క వీడియో, కింద ఒకే ఒక్క పేరు. అమ్మమ్మనూ అడిగింది, మరిదినీ అడిగింది.

"ఎంతమంది చూశారో నాకు చెప్పొద్దండీ," అంది మేడం. "చుట్టాలందరి చేతా నొక్కించుకోవచ్చు. చూసినవాళ్ళు ఎంతసేపు ఉన్నారో చెప్పే గ్రాఫ్ ఉంటుంది కదా, దాని స్క్రీన్‌షాట్ పంపండి. మూడు వారాలు టైముంది. మా పిల్లలు సగంలో వదిలేసే పాఠం నాకెందుకు?"

అమ్మమ్మకు ఆ పాఠం మీద పెద్ద మోజు లేదు. రెండు వందల మంది ముందు ఆ వీడియో ఆడుతున్నప్పుడు కింద పేరు ఎవరిదో మరిది చూడాలి. కావలసింది అంతే. రోజూ చూడాలి. బ్యాచ్ బ్యాచ్‌కీ చూడాలి.

వీడియో తీసేది అల్లుడు. అతను ఒక చిన్న స్టూడియోలో పగలంతా ఇతరుల వేడుకల వీడియోలు కత్తిరించి అతికిస్తాడు. సాయంత్రాలు అత్తగారి వీడియోలు. నెమ్మదస్తుడు. అత్తగారి ముందు కుర్చీలో కూర్చోవడానికి ఇప్పటికీ అనుమతి అడిగే రకం. పెళ్ళై పందొమ్మిదేళ్ళయింది.

మొదటి వీడియో పదకొండు నిమిషాల నలభై సెకన్లు వచ్చింది. అమ్మమ్మ దాన్ని ఒక్క ఊపున చేసింది. ముందు ఒకటిన్నర నిమిషం మరిది గురించి. పేరెత్తలేదు. "కొందరుంటారు, తిన్న కంచం ఎవరిదో మర్చిపోతారు," అంటూ మొదలుపెట్టి, గాజు తలుపుల మీదుగా, కొత్త చొక్కా దాకా వచ్చింది. మధ్యలో పని. చివర నిమిషం పైన మళ్ళీ మరిది.

"కొంచెం తగ్గిద్దామా అత్తయ్యా?" అన్నాడు అల్లుడు.

"ఏం, ఉప్పు ఎక్కువైందా?"

"అదేం లేదు."

"అయితే ఉండనీ బాబూ. అసలు రుచి అదే."

అయిదు రోజుల తర్వాత అల్లుడు కొట్టుకు వచ్చాడు. గ్రాఫ్ తయారవడానికి ఒకటి రెండు రోజులు పడుతుందని, నాలుగు రోజులైతే కాస్త నమ్మకంగా ఉంటుందని ముందే చెప్పాడు. స్క్రీన్‌షాట్ ఫోన్‌లో పంపాడు కూడా. అయితే అమ్మమ్మ ఫోన్‌లో చూడలేదు. చిన్న తెర మీద శత్రువును చూడడం ఆవిడకు ఇష్టముండదు. జిరాక్స్ కొట్టుకు పంపి, పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు బాబిన్లు బరువు పెట్టింది.

కాగితం మీద ఒక నీలం గీత. ఎడమ అంచున ఎత్తుగా మొదలై, కొండ మీంచి జారిన సంచిలా కిందికి పడి, తర్వాత దాదాపు బల్లపరుపుగా సాగి, ఒకచోట గుట్టలా లేచి, మళ్ళీ దిగి, చివర్లో కాలవలో పడిపోయింది. దాని వెనక లేత బూడిద రంగు పట్టీ ఒకటి.

"ఈ పట్టీ ఏంటి, మరకా?"

"కాదత్తయ్యా. ఇంత పొడవున్న మీ పాత వీడియోలు మామూలుగా ఎలా ఉంటాయో అది. నీలం గీత దానికంటే పైనుంటే మంచిది, కిందుంటే కాదు."

నీలం గీత చాలా దూరం పట్టీ కిందే నడిచింది. అమ్మమ్మ చూసీ చూడనట్టు కళ్ళజోడు తుడుచుకుంది.

"నిలువునా మనుషులు, అడ్డంగా టైము," అన్నాడు అల్లుడు. "వంద మంది మొదలుపెడితే ఏ క్షణానికి ఎంతమంది ఉన్నారో చెబుతుంది. ఫోన్‌లో అయితే గీత మీద వేలు పెడితే టైము చూపిస్తుంది. ఇది స్క్రీన్‌షాట్ కదా, నొక్కినా పలకదు. అంచనా వేసుకోవాలి."

"అంచనా ఎందుకు, స్కేలు లేదా?"

స్టీలు స్కేలు తీసింది. అడ్డంగా గీత ముప్పై అయిదు సెంటీమీటర్లు వచ్చింది. వీడియో ఏడు వందల సెకన్లు. సెంటీమీటరుకు ఇరవై సెకన్లు. నిలువునా సున్నా నుంచి వందకు ఇరవై సెంటీమీటర్లు, అంటే సెంటీమీటరుకు అయిదుగురు. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన మనిషి ఆ లెక్క అల్లుడు ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపు చేసేసింది. తెరిచిన క్యాలిక్యులేటర్‌ని అతను మెల్లగా మూసేశాడు.

ఒకటిన్నర సెంటీమీటర్ దగ్గర స్కేలు నిలబెట్టింది. అది అర నిమిషం. గీత ఎత్తు ఎనిమిది సెంటీమీటర్లు.

"నలభై మంది," అంది. "అర నిమిషంలో అరవై మంది లేచిపోయారా?"

"అవునత్తయ్యా."

నాలుగున్నర దగ్గర పెట్టింది. ఒకటిన్నర నిమిషం. "ఇరవై ఎనిమిది." స్కేలు అక్కడే నొక్కిపట్టింది. "పోయినవాళ్ళంతా వాడి మనుషులై ఉంటారు. నన్ను తిట్టుకుంటూ పోయుంటారు."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు అమ్మమ్మకు తెలుసు. కూతురితో గొడవైనప్పుడు కూడా అతను యుద్ధానికి అంతకంటే దగ్గరగా ఎప్పుడూ రాలేదు.

"ఎవరు పోయారో గ్రాఫ్ చెప్పదత్తయ్యా. ఎప్పుడు పోయారో చెబుతుంది, అంతే. సరిగ్గా ఆ సమయానికి వీడియోలో ఏముందో మనం చూసుకోవాలి."

"ఏముంది?"

"మీరు కంచం గురించి మాట్లాడుతున్నారు."

అమ్మమ్మ పెట్టెలోంచి ఒక స్క్రూడ్రైవర్ తీసింది.

"వాళ్ళు కుట్లు తప్పుతున్నాయని వచ్చారు," అల్లుడు చెప్పుకుపోయాడు, ఇంక వెనక్కి వెళ్ళలేక. "ముందు అర నిమిషంలో ఎవరికైనా కొందరు తగ్గుతారు, అది మామూలే. ఇంతమంది తగ్గడం మామూలు కాదు. తిట్లు అయిపోయి మీరు సూది పట్టుకున్నాక చూడండి, గీత పడడం ఆగిపోయింది. ఇరవై ఎనిమిది మందిలో ఇరవై నలుగురు అలాగే కూర్చున్నారు. పని మొదలయ్యాక పెద్దగా ఎవరూ లేవలేదు."

"చివర?"

"ముప్పై ఒకటి దగ్గర పెట్టండి."

పెట్టింది. పది నిమిషాల ఇరవై సెకన్లు. గీత అక్కడ కత్తితో కోసినట్టు పడింది.

"అక్కడ మీరు 'ఇంక అయిపోయింది' అన్నారు. ఆ మాట వినగానే వెళ్ళిపోయారు. తర్వాత నిమిషం ఇరవై సెకన్లు మీరు మామయ్యగారి తమ్ముణ్ణి తిట్టింది ఎవరూ వినలేదు."

"ఎవరూనా?"

"ముగ్గురు."

నూటికి ముగ్గురు. వాళ్ళలో ఒకరు తన కూతురే అయ్యుంటుందని అమ్మమ్మకు తట్టింది. ఇంత తిట్టు వృథా పోయినందుకు ఆవిడకు కలిగిన బాధ ఇంతా అంతా కాదు.

అప్పుడు గుట్ట మీద వేలు పెట్టింది. "మరి ఇదేంటి? ఇక్కడ ముప్పై తొమ్మిది ఉంది. పోయినవాళ్ళు తిరిగొచ్చారు. ఇక్కడ ఏదో మెచ్చుకున్నారు. చెప్పు, ఇక్కడ కూడా తిట్టానా?"

ఇరవైన్నర సెంటీమీటర్లు. ఆరు నిమిషాల యాభై సెకన్లు.

"పోయినవాళ్ళు రాలేదత్తయ్యా. ఉన్నవాళ్ళు వెనక్కి తిప్పి మళ్ళీ చూస్తే గీత లేస్తుంది. లేదా ముందుదంతా దూకి నేరుగా అక్కడికి వస్తే లేస్తుంది. గుట్ట అంటే మెచ్చుకున్నారనే కాదు. అర్థం కాకపోయినా వెనక్కి తిప్పుతారు." ఫోన్‌లో వీడియో ఆ చోట పెట్టి ఆవిడ ముందుకు జరిపాడు. "మీరే చూడండి."

చూసింది. తెర మీద మిషన్ అడుగుభాగం. సూది కింద ఉండే రేకు పళ్ళెం విప్పి ఉంది. అమ్మమ్మ గొంతు, "ఇప్పుడు హుక్ సర్దుతున్నాను, జాగ్రత్తగా చూడండి," అంటోంది. అలా అంటూనే తెర మీదికి ఎడమచెయ్యి వచ్చి, సూదినీ హుక్‌నీ గొడుగులా కప్పేసింది. పన్నెండు సెకన్లు తెర నిండా మడమలాంటి గట్టి అరచెయ్యి, ఒక గాజు. చెయ్యి తీసేసరికి పని అయిపోయింది.

"జాగ్రత్తగా చూడండి అన్నారు," అన్నాడు అల్లుడు. "పాపం వాళ్ళు చూశారు. కనిపించక మళ్ళీ చూశారు. మళ్ళీ."

అమ్మమ్మ తన ఎడమచేతిని బల్ల మీద పెట్టుకుని, పక్కింటి పిల్లను చూసినట్టు చూసింది.

ఆ చెయ్యి అక్కడికి ఎందుకు వెళ్తుందో ఆవిడకు తెలుసు. నలభై ఏళ్ళ కిందట పని నేర్పిన మేస్త్రి చెప్పాడు, ఈ ఒక్క ముక్క ఎవరికీ చూపించకు, ఇదే నీ కొట్టు అని. సూది పూర్తిగా కిందికి దిగాలి. తర్వాత రెండు మిల్లీమీటర్ల పైచిలుకు పైకి రావాలి. అప్పుడు సూది వెనక దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. హుక్ మొన సరిగ్గా ఆ క్షణానికి సూది కన్నుకు కాస్త పైన వచ్చి ఆ ఉచ్చును అందుకోవాలి. అందుకుంటే కుట్టు. లేకపోతే లేదు. అప్పటి నుంచి స్టూలు వెనక ఎవరైనా నిలబడితే చెయ్యి దానంతటదే గొడుగు పట్టేది. మరిది నాలుగేళ్ళు ఆ వెనకే నిలబడ్డాడు.

"వాడి వీడియో పెట్టు," అంది ఉన్నట్టుండి. "హుక్ దగ్గర."

అల్లుడు పెట్టాడు. మరిది సూదిని పూర్తిగా కిందికి దించి, హుక్ మొనను అక్కడే తెచ్చి బిగించేశాడు. పైకి లేపనేలేదు. ఉచ్చు ఏర్పడకముందే హుక్ వచ్చి పోతుంది.

అమ్మమ్మ ముఖం చాలా రోజుల తర్వాత విచ్చుకుంది. "చూశావా. వీడికి తెలియదు. చెయ్యి వెనక ఏం జరుగుతుందో వీడికి ఇప్పటికీ తెలియదు. సొంతంగా నేర్చుకున్నానన్నాడు చూడు, ఆ ఒక్కటీ నిజమే. సొంతంగా తప్పు నేర్చుకున్నాడు."

"అయితే మనం అది చూపిస్తే సరిపోతుంది కదత్తయ్యా. మొదట్లో తిట్లు తీసేసి, చెయ్యి తీసేసి..."

"చూపిస్తే వాడూ చూస్తాడు."

అల్లుడు స్కేలు తీసి పెట్టెలో పెట్టాడు. పొరపాటున స్క్రూడ్రైవర్ల మధ్య పెట్టాడు. అమ్మమ్మ తీసి సరైన చోట పెట్టింది.

రెండు రోజులు ఆవిడ ఆలోచించింది. ఆ రెండు రోజులూ బాగుకొచ్చిన మిషన్లతో కూడా మాట్లాడింది. చూపించకపోతే గుట్ట అలాగే ఉంటుంది, పాఠం మరిదికి పోతుంది, రెండు వందల మంది తప్పుగా బిగిస్తారు. చూపిస్తే నలభై ఏళ్ళు దాచింది వాడి ఫోన్‌లో ఉంటుంది. మూడో రోజు ఉదయం అల్లుడికి ఫోన్ చేసి, హలో కూడా అనకుండా చెప్పింది.

"నేర్చుకోనీ. నా చేతిలోంచి చూసి నేర్చుకోవాలి. గురువెవరూ లేరన్న నోటితో నా వీడియో వెనక్కి తిప్పుకోవాలి. అది వాడికి తిట్టు కంటే ఎక్కువ మండుతుంది. కెమెరా పట్టుకురా."

కక్ష తీర్చుకోవడం కోసం కక్షనంతా కత్తిరించాల్సి వచ్చింది. ఒక్కో తిట్టు తీసేస్తుంటే ఆవిడ పంటి నొప్పికి ఓర్చుకున్నట్టు ఓర్చుకుంది. కొత్త వీడియో మొదటి సెకనులోనే కుట్లు తప్పిన గుడ్డ చూపించింది. "మీ గుడ్డ ఇలా వస్తోందా? రండి, హుక్ చూద్దాం." అంతే. కంచం లేదు, చొక్కా లేదు.

హుక్ దగ్గరికి వచ్చేసరికి ఎడమచెయ్యి మళ్ళీ వచ్చేసింది.

"అత్తయ్యా, చెయ్యి."

రెండోసారి వచ్చింది. మూడోసారి ఆవిడ ఆ చేతిని తన కింద పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఒంటిచేత్తో బిగించలేక స్క్రూడ్రైవర్ జారి సూది విరిగింది. చివరికి ఎడమచేతికి ఒక పని చెప్పింది, చక్రం తిప్పే పని. చక్రం తిప్పుతూ సూదిని కిందికి దించింది, మెల్లగా పైకి తెచ్చింది. దారం ఉబ్బింది. కెమెరా అంత దగ్గరగా ఉంటే ఆ ఉచ్చు చిన్న నీటిబొట్టులా కనిపించింది. నలభై ఏళ్ళలో అల్లుడు ఒక్కడే దాన్ని ఆవిడ పక్కన కూర్చుని చూసిన మనిషి.

"బాగుందత్తయ్యా," అన్నాడు మెల్లగా.

"నోరు మూసుకుని తియ్యి, వీడియోలో పడుతుంది."

చివర్లో కుట్టు బాగా పడిన గుడ్డ చూపించి, అయిపోయిందని చెప్పకుండా ఆపేసింది. మొత్తం అయిదు నిమిషాల పది సెకన్లు.

ఈలోగా మరిది కుటుంబం గ్రూపులో తన గ్రాఫ్ పెట్టాడు. గీత బల్ల మీద పెట్టిన స్కేలులా తిన్నగా ఉంది. కింద రాశాడు: "వదినా, ఇలాగుండాలి. మీదీ పెట్టండి, చూస్తాం."

అల్లుడు దాన్ని పెద్దది చేసి చూశాడు. "ఎడమ వైపు అంకెల్లేవు. కింద టైము సున్నా నుంచి లేదు. మొదటి అర నిమిషం కత్తిరించేశాడత్తయ్యా. పడాల్సింది అక్కడే పడుతుంది, ఆ తర్వాత నుంచి చూపిస్తే ఎవరిదైనా ఇలాగే ఉంటుంది. పది మంది మిగిలినా గీత తిన్నగానే పోతుంది."

"గ్రూపులో అలా రాయమంటావా?"

"రాస్తారా?"

"ఎందుకు? ఇది మేడంకి కూడా పంపే ఉంటాడు." అమ్మమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి అల్లుడు కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నాడు.

తొమ్మిది రోజులు ఆగి తన గ్రాఫ్ పంపింది. అర నిమిషం దగ్గర డెబ్భై నాలుగు. నీలం గీత చివరిదాకా బూడిద పట్టీ పైనే. కుట్టు పడేసరికి కూడా యాభై రెండు మంది కూర్చునే ఉన్నారు. హుక్ దగ్గర చిన్న గుట్ట మళ్ళీ ఉంది. అల్లుడు దాన్ని చూసి కంగారు పడ్డాడు. ఆ చోట వీడియో వేసి చూస్తే దాపరికం ఏమీ లేదు. మిషన్ పక్కన పెట్టుకుని, ఆపి, చేసి, మళ్ళీ వెనక్కి తిప్పి చేసుకుంటున్నామని వీడియో కింద కామెంట్లు రాసినవాళ్ళే చెప్పారు. ఆ గుట్ట ఉండవలసిందే.

స్క్రీన్‌షాట్‌తో పాటు మేడంకి అమ్మమ్మ ఒక్క వాక్యం జతచేసింది: "నాలుగు అంచులూ ఉన్నాయండీ, ఎవరి గీతైనా అంచులతోనే కొలుచుకోండి."

మేడం వెంటనే మరిదిని పూర్తి స్క్రీన్‌షాట్ అడిగింది. అతను రెండు రోజులు సిగ్నల్ లేదన్నాడు. తర్వాత పంపాడు. అందులో ఏముందో మేడం ఎవరికీ చెప్పలేదు. కొత్త బ్యాచ్ పాఠం కింద అమ్మమ్మ పేరు పడింది. శిక్షణ కేంద్రం గోడ మీద పాఠాల పట్టిక అంటించారు. మరిది గాజు తలుపుల కొట్టుకు వెళ్ళే దారి ఆ గోడ పక్కనుంచే.

పది రోజుల తర్వాత మధ్యాహ్నం మరిది కొట్టు ముందు ఆగాడు. చంకలో స్టాండు లేని మిషన్ తల. లోపలికి రాలేదు. గడప దగ్గరే నిలబడి, మిషన్‌తో మాట్లాడుతున్నట్టు కిందికి చూస్తూ మాట్లాడాడు.

"వదినా, ఇది కుట్లు తప్పిస్తోంది. మూడుసార్లు బిగించాను. మీ వీడియోలో సూది లేపారు కదా, ఎంత లేపాలో సరిగ్గా..."

అమ్మమ్మ తలెత్తలేదు. చేతిలో ఉన్న స్క్రూ బిగించడం పూర్తి చేసింది. నూనె చుక్క వేసింది. గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకుంది. ఎడమచేతివి ముందు.

"వీడియో ఉంది కదయ్యా," అంది. "గురువుతో పనేముంది? అర్థం కాకపోతే వెనక్కి తిప్పుకో. ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు."

అతను మిషన్ తలను రెండో చంకకు మార్చుకుని, వెళ్ళిపోయాడు.

సాయంత్రం అల్లుడు రాగానే కొత్త స్క్రీన్‌షాట్ అడిగింది. పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, బాబిన్లు బరువు పెట్టి, గుట్ట ఎత్తు కొలిచింది. పోయిన వారం కంటే ఒక మిల్లీమీటరు పెరిగింది.

"ఎవరు చూశారో గ్రాఫ్ చెప్పదత్తయ్యా," అన్నాడు అల్లుడు, ఆవిడ ముఖం చూసి. "ఇన్ని వందల మందిలో ఒక్కడు ఎన్నిసార్లు తిప్పినా కనిపించదు. పైగా ఇవాళ చూసింది ఇవాళే రాదు."

"నువ్వు ఊరుకో బాబూ," అంది అమ్మమ్మ, ఆ మిల్లీమీటరు మీద పెన్సిల్‌తో చిన్న గీత గీసి, తేదీ వేసుకుంటూ.